గడ్డం మీద మూడు సుక్కలు

మా అబ్బాకు, అంటే మా నాయనకు, కడప పాత ఊర్లో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఫోటో దిగడానికి వచ్చిన ప్రతి మనిషినీ ఆయన ఒకటే మాట అడిగేవాడు: "ఏది ఉంచాల, ఏది తీయాల?" కొందరు మొటిమలు తీయమనేవాళ్లు. కొందరు పుట్టుమచ్చ ఉంచమనేవాళ్లు. మెల్లకన్ను కొంచెం సరిచేయమని ఒకాయప్ప సిగ్గుపడతా అడగడం నాకు గుర్తుండాది. వాళ్లు చెప్పిందాన్ని నెగటివు పెట్టే కవరు వెనకపక్క పెన్సిలుతో రాసుకునేవాడు. పనికి కూచునేముందు కవరు తిప్పి చదివి, ఆ తర్వాతే నెగటివు మీద చెయ్యి పెట్టేవాడు. నాకు అదంతా చాదస్తంగా ఉండేది. "మొటిమ అంటే తీసేయాల అబ్బా, దానికి రాసుకునేదేముంది?" అని ఒకరోజు అంటే నెత్తిన ఒక మొట్టికాయ వేసినాడు. "మొగం నీదా, వాళ్లదా?" అన్నాడు.

ఇదంతా ఎందుకు చెప్తాండానంటే, నేను చేసిన తప్పు నాకు తెలియక చేసింది కాదు. తెలిసిన ఇంట్లో పుట్టి చేసింది.

నేను కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూస్తాండా. ప్రింటరు ఆగినా నన్నే పిలుస్తారు, బిల్లు రాకపోయినా నన్నే పిలుస్తారు, గోడ మీద టీవీ కనపడకపోయినా నన్నే తిడతారు. నాకూ నోరు కొంచెం ఎక్కువే, తిరిగి తిడతా. మా ఆసుపత్రికి కడపలో ఇంకో శాఖ ఉండాది. రెండేండ్ల కింద పైవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. రెండు ఊర్లలోనూ పనిచేసే అందరి ఫోటోలూ, పెద్ద డాక్టరు మొదలుకొని వార్డు ఆయా దాకా, వెబ్‌సైటులో ఒక పట్టికగా పెట్టాల. ముందర హాల్లోని టీవీలో కూడా తిరగాల. అన్నీ ఒకే తీరుగా ఉండాల. ఆలోచన మంచిదే. ఆయాల మొగాలు డాక్టర్ల పక్కన ఉంటాయంటే నాకు నిజంగానే సంతోషమైంది.

ఫోటోలు వచ్చేసరికి తల పట్టుకున్నా. కడప వాళ్లు కిటికీ ఎదురుగా నిలబెట్టి తీసినారు, మొగాలు నల్లగా వచ్చినాయి. కర్నూలు వాళ్లవి ట్యూబులైటు కింద పచ్చగా వచ్చినాయి. ఒకాయన పెండ్లి ఫోటో పంపినాడు, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి ఉండాది. మూడొందల మందికి పైగా ఉండారు. ఒక్కొక్కరినీ మళ్లా నిలబెట్టి తీయాలంటే డ్యూటీలు కుదరవు. అందుకని ఒక ఉపాయం చేసినా. పైథాన్‌లో ఒక స్క్రిప్టు రాసినా. ఒక్కసారి నడిపితే జాబితాలో మొదటి మనిషి నుంచి చివరి మనిషి దాకా ఒక్కొక్కరి ఫోటోనే తీసుకుంటాది. కండ్లు ఒకే ఎత్తులో పడేటట్టు కత్తిరిస్తాది. బొమ్మలు తయారుచేసే ఏఐ మోడలుకు ఇచ్చి, అందరికీ అవే మాటలు చెప్తాది: వెనకాల లేత బూడిదరంగు, ఎడమపక్క నుంచి మెత్తటి వెలుతురు, భుజాలు నిటారుగా, మొగం మార్చొద్దు. మాటలు ఒకటే, మోడలు ఒకటే, బొమ్మ యాడ నుంచి మొదలుపెట్టాలో మోడలుకు చెప్పే సీడ్ అనే అంకె కూడా అందరికీ ఒకటే. అట్లయితేనే అందరూ ఒకే గదిలో ఒకే పూట దిగినట్టు వస్తారు.

మొగంతో ఆట కాదని నాకు తెలుసు. అందుకే అన్నిటికన్నా ముందు ఒప్పుకోలు పత్రం తయారుచేసినా, తెలుగులో, చదివితే అర్థమయ్యేటట్టు. నీ ఫోటో కంప్యూటరుతో సరిచేస్తాము, సిబ్బంది పట్టికకు తప్ప ఇంకదేనికీ వాడము, ప్రకటనల్లో వేయము, నువ్వు సరే అన్న పద్నాలుగు దినాలకు అసలు ఫోటో చెరిపేస్తాము, నీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వద్దనొచ్చు. సంతకాలు పెట్టించి, పత్రాలన్నీ స్కాన్ చేసి, వివరాలు ఒక పట్టికలో ఎక్కించినా. మనిషి నంబరు ఒక గడి, అవునా కాదా అనేది ఒక గడి, ఏ తేదీ, దేనికోసం, పత్రం యాడుంది, వెనక్కి తీసుకున్నారా, ఇట్లా. చివర "ఏమన్నా చెప్పాలంటే" అని ఇంకో గడి పెట్టినా. అది మా అబ్బా కవరు వెనకపక్కే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది కూడా, మనసులో ఆయనకు ఒక సలాం చెప్పుకున్నా.

స్క్రిప్టు ఏ మొగం ముట్టుకునే ముందైనా ఆ పట్టిక చూస్తాది. "అవును" అని లేకపోయినా, పత్రం స్కాను దొరకకపోయినా, ఆ మనిషిని వదిలేసి బూడిదరంగు డబ్బాలో పేరు మొదటి అక్షరాలు పెడతాది. ఒక పెద్ద డాక్టరు సంతకం పెట్టడం మర్చిపోతే ఆయనకూ డబ్బానే వచ్చింది. "నేనెవరో తెలుసా?" అని అరిస్తే, "నాకు తెలుసు సార్, స్క్రిప్టుకు తెలీదు," అన్నా. ఆ దినమంతా మీసం మెలేసుకుంటా తిరిగినా. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, ఆ బల్లిని నేనే.

ఇప్పుడు నా తప్పు ఎవరి కాడ జరిగిందో, ఆయమ్మ సంగతి. మగవాళ్ల వార్డులో ఆయా. కోసిగి పక్క పల్లె. యాభై దాటినట్టుంటాది. అందరూ అక్కా అనే పిలిచేవాళ్లు, నేనూ అక్కా అనేవాణ్ణి. మొగుడు పోయినాక ఈ పనిలో చేరిందంట. ఒక కూతురు, పల్లెలోనే మొగుడితో ఉండేది. ఈమె ఎవర్నీ ఏదీ అడిగే రకం కాదు. జీతం స్లిప్పులో సెలవు తప్పు పడినా అడగదు. క్యాంటీన్లో టీ చల్లగా ఇచ్చినా తాగి పోతాది. నేను గొంతు పెంచి ఎవర్నన్నా తిడుతుంటే మాత్రం వాకిట్లో చీపురు ఆనించి నిలబడి, "ఏమప్పా, పొద్దున్నే ఎవరి మీద పోతాండావు?" అని నవ్వేది. నా కోపం సగం అక్కడే దిగిపోయేది.

ఆమె ఫోటో నేనే తీసినా, ఓపీ పక్కన వరండాలో, ఆసుపత్రి ఫోనుతో. కొళాయి కాడ మొగం కడుక్కొని, యూనిఫారం చీర కొంగు సర్దుకొని, స్కూలు పిల్ల లెక్క చేతులు కట్టుకొని నిలబడింది. తీసినాక పత్రం చదివి వినిపించినా. నేను "వద్దనుకుంటే చెప్పొచ్చు" అన్నకాడ, "నాకెందుకు వద్దప్పా, డాక్టరమ్మ పక్కన నా మొగం వస్తుంటే," అనింది. సంతకం పెట్టడం వచ్చు ఆమెకు. ఒక్కో అక్షరం మోసుకొచ్చి దించినట్టు పెట్టింది.

"ఏమన్నా చెప్పాలనుకుంటాండావా అక్కా?" అని అడిగినా. అందరినీ అడిగినట్టే అడిగినా. చాలామంది "ఏం లేదు సార్" అని పోయేవాళ్లు.

ఆమె పోలేదు. గడ్డం మీద వేలు పెట్టుకుంది. అక్కడ మూడు పచ్చబొట్టు సుక్కలు ఉండేవి, పాతబడి లేత ఆకుపచ్చకు తిరిగినవి. "ఇవి తీసేయాకప్పా," అనింది. "మా అమ్మ పొడిపించింది. నాకు అయిదేండ్లు. కరువు. సుగ్గికి పోతాండాము, మిరపకాయల కోతకు. కోసిగి స్టేషన్లో ఇసుకేస్తే రాలనంత జనం. పిల్ల తప్పిపోతే గుర్తుండాలని రైలెక్కే ముందు పచ్చబొట్లామెను పిలిచి పొడిపించింది. నేను ఏడిస్తే, 'ఏడవాకు, సచ్చినంక కూడా నీ ఎంట వచ్చేది ఇదొక్కటే' అనింది. ఇది రాసుకోప్పా."

రాసుకున్నా. నా చేతులతోనే, ఆమె చూస్తుండగానే చివరి గడిలో టైపు చేసినా. ఆమె నమ్మి పోయింది.

స్క్రిప్టు మొదటిసారి నడిపినప్పుడు కడప ఫోటోలతో గొడవైంది. అక్కడి ఫోను అద్దం మీద దుమ్ము, గీతలు. ఫోటోలో చిన్న మరకగా ఉన్నది మోడలు చేతిలో పడి పుట్టుమచ్చ అయి వచ్చేది. ఒక డాక్టరమ్మ చెంప మీద మినపగింజంత మచ్చ మొలిచింది. "నా చెంపకు ఇది యాడ నుంచి వచ్చింది?" అని ఫోను చేసి ఏకినారు. ఏకరా మరి? నేను విసుక్కొని, మోడలుకు ఏమేమి రాకూడదో చెప్పే వరసలో మూడు మాటలు చేర్చినా: మచ్చలు, మరకలు, చుక్కలు. మళ్లా అందరికీ నడిపినా. మూడొందల మొగాలూ కడిగిన పళ్లెం లెక్క వచ్చినాయి. పైవాళ్లు శానా మెచ్చుకున్నారు.

ఇంకో కాపలా కూడా పెట్టినా. అసలు మొగమూ తయారైన మొగమూ ఒకే మనిషివా కాదా అని ఇంకో ప్రోగ్రాము పోల్చి మార్కు ఇస్తాది. మార్కు తగ్గితే ఆ ఫోటో నా ముందుకొస్తాది, నేను కండ్లతో చూస్తా. ఆమెది రాలేదు. ఆ ప్రోగ్రాము మొగం మొత్తం తీరును అంకెల్లో పెట్టి పోలుస్తాది. కండ్లు, ముక్కు, దవడ అన్నీ సరిపోయినాయి, మార్కు బాగా వచ్చింది. మూడు సుక్కలు లేకపోవడం దానికి లెక్కే కాదు.

మరి ఆమె మాట రాసిన గడి? స్క్రిప్టు ఆ పట్టికలో "అవును" గడి చూసింది, తేదీ చూసింది, పత్రం ఉందా లేదా చూసింది. చివరి గడి చదవమని నేను దానికి చెప్పనే లేదు. అడిగినా, రాసుకున్నా, చదవలేదు. అంతే జరిగింది. మా అబ్బా బతికి ఉంటే ఆ కవర్ల కట్ట తీసి నా మొగాన కొట్టేవాడు.

తయారైన ఫోటోలు ఎవరివి వాళ్లకు వాట్సాప్‌లో పంపి, సరే అంటేనే పట్టికలో పెట్టాలని నియమం నేనే పెట్టినా. ఆమె ఫోనుకు వాట్సాప్ లేదు. వార్డు ఇంచార్జి సిస్టరు ఆమె తరఫున చూసి, "బాగుండాది, సక్కగా వచ్చింది," అని పంపింది. నేను "సరే" అని టిక్కు పెట్టేసినా. మూడో అంతస్తు ఎక్కి ఆమెకు చూపించడానికి రెండు నిమిషాలు పట్టేది. నా మొగం మండ, ఆ రెండు నిమిషాలు నాకు బరువైనాయి.

టీవీలో మొగాలు తిరగడం మొదలైన రోజు హాల్లో పెండ్లి సందడి. ఎవరి ఫోటో వస్తే వాళ్లను తోటివాళ్లు తోసుకుంటా, "ఏమప్పా హీరో!" అని ఆటపట్టిస్తాండారు. ఆమెది వచ్చింది. ఆమె చీపురు పట్టుకొనే చూసింది. తర్వాత నా దిక్కు తిరిగి, "ఈమె ఎవరప్పా? శానా సక్కగుండాది," అనింది. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. పొగిడిందనుకున్నా. ఆమె చెయ్యి గడ్డం కాడికి పోవడం చూసినా. చూసి కూడా నాకు ఏమీ తట్టలేదు.

మూడు నాలుగు దినాల తర్వాత నా గది వాకిట్లోకి వచ్చి నిలబడింది. నేను బిల్లింగు వాళ్లతో ఫోన్లో కొట్లాడతాండా. "పని ఉండాదా అప్పా?" అనింది. "ఊపిరాడని పని ఉందక్కా, రేపు రా," అన్నా, తల కూడా ఎత్తకుండా. "ఏం లేదులే," అని పోయింది. మళ్లా రాలేదు. ఎవర్నీ రెండోసారి అడిగే మనిషి కాదని తెలిసీ నేనూ పిలవలేదు.

పద్నాలుగు దినాలు గడిచినాయి. స్క్రిప్టు చెప్పిన మాట ప్రకారం అసలు ఫోటోలన్నీ చెరిపేసింది. ఫోనులో ఉన్నవి నేనే చెరిపినా. మాట తప్పకూడదని, అసలు ఫోటోలుండే ఫోల్డరు బ్యాకప్‌లోకి పోకుండా ముందే ఆపి పెట్టినా. ఆ పని మాత్రం ఒక్క పిసరు తప్పకుండా చేసినా.

పోయిన ఎండాకాలంలో ఆమె రెండు దినాలు సెలవు పెట్టి ఊరికి పోయింది. తెల్లారేసరికి ఆమె లేదని ఫోను వచ్చింది. గుండె ఆగిందంట. ఇన్నేండ్లు గుండెనొప్పి వాళ్ల మంచాలు తోసిన మనిషికి, ఆ పల్లెలో మంచం తోసేవాళ్లు కూడా దొరకలేదు.

అయిదో దినం కూతురు ఆసుపత్రికి వచ్చింది, అమ్మ సామాన్లు తీసుకుపోవడానికి. ముప్పై లోపల ఉంటాది. అమ్మ లెక్కనే గట్టిగా మాట్లాడని పిల్ల. ఆఫీసు వాళ్లు పట్టికలోని ఫోటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, క్యాంటీన్లో చిన్న సంతాపసభ పెట్టినారు. ఇంటికి పెట్టుకోవడానికి ఆ ఫ్రేమే కూతురు చేతికి ఇచ్చినారు. ఆ పిల్ల దాన్ని చూసింది. అందరం చూస్తుండగానే వెనక్కి తిప్పి చూసింది, వెనకాల ఇంకోటి ఉందేమో అన్నట్టు.

"సార్, ఇది ఎవర్దో," అనింది. "మా అమ్మది కాదు."

ఆఫీసు మేడం, "మీ అమ్మదేనమ్మా, కింద నంబరు సూడు," అనింది.

"నంబరు సరే మేడం. గడ్డం మీద సుక్కలు యాడ?"

అప్పుడు తట్టింది నాకు. నేను ముందుకు పోయి, "మిషన్ సరిచేసేటప్పుడు పోయినట్టుండాయమ్మా," అన్నా. మిషన్ అంట! అబద్ధం కాదు, నిజమూ కాదు.

"అసలుది ఇయ్యన్నా, సాలు," అనింది ఆ పిల్ల. "మా ఇంట్లో అమ్మ ఫోటో లేదు. ఫోన్లో తీస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆధార్ కార్డులోది పెద్దది చేపించినా, మసి తప్ప ఏం కనపడలే. మీరు తీసినారంట గదా, అమ్మ చెప్పింది. కొంగు తీసి నిలబడినా అని చెప్పింది. పదకొండో దినానికి పెట్టుకోవాల. పుట్టే నా బిడ్డకు మా అమ్మ ఎట్లుండేదో చూపియ్యాల గదన్నా." అప్పుడు చూసినా, ఆ పిల్ల ఆరేడు నెలల కడుపుతో ఉండాది.

"వెతుకుతానమ్మా," అన్నా. లేదని తెలుసు. అయినా వెతికినా. చేతులు కాలినంక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఫోన్లో లేదు, సర్వర్లో లేదు, బ్యాకప్‌లో లేదు. చెరిపిన ఫైళ్లు వెలికితీసే ప్రోగ్రాములు నడిపితే ఎప్పుడివో ఎక్స్‌రే ముక్కలు దొరికినాయి, ఆమె దొరకలేదు. చివరికి లాగ్ ఫైలు తెరిచినా. స్క్రిప్టు ప్రతి ఫోటోకూ ఒక వరస రాసి పెడతాది: ఏ ఒప్పుకోలు పత్రం, ఏ సీడ్, ఏ మోడలు, అసలు ఫోటో తాలూకు హ్యాష్. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, అరవై నాలుగు అక్షరాలు, అంకెలు. ఆమె వరస ఉండాది. వేలిముద్ర ఉండాది. అట్లాంటి ఫోటో ఒకటి ఉండేదని అది సాక్ష్యం చెప్తాది, అంతే. దాంట్లోంచి మొగాన్ని తిరిగి తీయడం ఎవరివల్లా కాదు.

ఆ తర్వాత ఒప్పుకోలు పట్టికలో ఆమె వరస తెరిచి, చివరి గడి దాకా జరిపినా. "గడ్డం మీద మూడు సుక్కలు తీసేయాకు. అమ్మ పొడిపించింది. తప్పిపోతే గుర్తు." నా టైపింగే. నా గది తలుపేసుకొని ఏడ్చినా, సిగ్గులేకుండా.

అదే పట్టికలో ఇంకో పదకొండు మంది చివరి గడిలో ఏదో ఒకటి చెప్పుకున్నారు. ఒకామె ముక్కుపుడక, ఒకాయన నుదుటి మీద నమాజు మచ్చ, ఇంకొకాయన కాలిన చెవి. వాళ్లవీ పోయినాయి, వాట్సాప్‌లో చిన్న బొమ్మ చూసి సరే అనేసినారంట. ఆ దినమే పదకొండు ఫోటోలూ టీవీలోంచి తీసేసినా. అందరి దగ్గరికీ కాళ్లతో నడిచిపోయినా, కడపకు బస్సెక్కి కూడా పోయినా. క్షమాపణ అడిగి, మళ్లా ఫోటోలు తీసి, తయారైనవి వాళ్ల కండ్ల ముందర పెట్టి చూపించినా. నమాజు మచ్చ ఆయన, "సర్లే, అల్లాకు తెలుసుగా నా నుదురు," అని భుజం తట్టినాడు. స్క్రిప్టులో ఒక వరస చేర్చినా: చివరి గడి ఖాళీగా లేకపోతే ఆగిపో, మనిషి చదివినాకే ముందుకు పో. రాయడానికి అర నిమిషం పట్టింది. అర నిమిషం!

ఆమెకు మాత్రం మళ్లా తీయడానికి మొగం లేదు. తయారైన ఫోటోలోనే సుక్కలు నేనే పెడదామని తెరిచి కూచున్నా. ఆమె అడిగిందే గదా, ఇంకెవరి అనుమతి కావాల? మౌసు గడ్డం మీద పెట్టి ఆగిపోయినా. మూడు అని రాసుకున్నా సరే, ఎట్లా ఉండేవి? వరసగానా, పొయ్యిరాళ్ల లెక్కనా? పెదవికి ఎంత కిందికి? ఆ మొగాన్ని ఎదురుగా నిలబెట్టి ఫోటో తీసింది నేను. నాకు గుర్తు లేదు. ఇన్నేండ్లు దినమూ చూసినా, గుర్తు లేదు.

పదకొండో దినానికి కోసిగి బస్సెక్కినా. ఒప్పుకోలు పట్టికలో ఆమె వరసను కాగితం మీద అచ్చేసి జేబులో పెట్టుకున్నా. ఊర్లో సగం ఇండ్లకు తాళాలు, సుగ్గికి పోయినోళ్లు ఇంకా తిరిగి రాలేదు. వాళ్ల ఇంట్లో గోడకు ఆ ఫ్రేమే ఆనించి పెట్టినారు, వేరేది లేక. బంతిపూల దండ వేసినారు, అద్దం మీద నుదుటికాడ కుంకుమ పెట్టినారు. వచ్చినోళ్లు మొక్కి, ఒకసారి మొగం చూసి, మళ్లా ఇంకోసారి చూసి జరిగిపోతాండారు.

భోజనాలైనాక ఆ పిల్లను పక్కకు పిలిచి కాగితం చేతికిచ్చినా. "మిషన్ చేసింది అని చెప్పినా గదమ్మా. మిషన్ కాదు. మీ అమ్మ నాకు చెప్పింది, నేను రాసుకున్నా. రాసుకొని చదవలేదు. తప్పు నాది. అసలు ఫోటో ఇంక లేదు," అన్నా. కొడితే కొట్టించుకుందామనే పోయినా.

ఆ పిల్ల అక్షరం అక్షరం చదివింది. చదివి తల ఎత్తింది. కోపం లేదు ఆ మొగంలో, అదే నాకు తట్టుకోలేకుండా అయింది.

"మా అమ్మ అడిగిందా?" అనింది. "నోరు తెరిచి అడిగిందా అన్నా?"

"అడిగిందమ్మా."

"నాకు బుద్ధి తెలిసినకాడ నుంచి మా అమ్మ ఎవర్నీ ఏదీ అడగలే," అనింది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఎట్లుండేవో చెప్తే నేను పెట్టిస్తానమ్మా," అన్నా. "నాకు గుర్తుకు రాలేదు. వరసగానా?"

ఆ పిల్లకూ మాటల్లో రాలేదు. కుడిచెయ్యి ఎత్తి గాల్లో ఊరికే కదిలించింది. ఉన్నట్టుండి లేచి లోపలికిపోయి కాటుక డబ్బా తెచ్చింది. "చిన్నప్పుడు అమ్మ ఒళ్లో పడుకొని ఒత్తేదాన్ని," అనింది. "మూడు వేళ్లు మూడిటి మీద ఒకటేసారి పెట్టి ఒత్తితే, అమ్మ 'కుయ్' అని కూసేది. అట్లయితేనే నిద్రపోయేదాన్ని."

మూడు వేళ్ల కొసలకు కాటుక అద్దుకుంది. ఫోటో ముందర కూచొని, కండ్లు మూసుకొని, అద్దం మీద గడ్డం కాడ మూడు వేళ్లూ ఒకటేసారి ఒత్తింది. చెయ్యి తీసి, కండ్లు తెరిచి చూసింది. మూడు మరకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పడినాయి. గడ్డమంతా నిండి, కింద మెడ దాకా అలుక్కున్నాయి.

ఆ పిల్ల తన వేళ్ల దిక్కు చూసుకుంది, ఫోటో దిక్కు చూసింది, మళ్లా నా దిక్కు చూసింది.

"నా చెయ్యి పెద్దదైపోయిందన్నా," అనింది.